మాట్లాడటం మానేసిన మనిషి గురించి కార్డులు అడిగితే

ప్రశ్న: మాది గుంటూరు, అరండల్‌పేట. ఎనిమిది నెలలుగా తెలిసినవాళ్లకు టారో కార్డులు చూస్తున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ప్రేమించినవాళ్లతో విడిపోయినవాళ్లే. అవతలి మనిషి ఫోను ఎత్తడు, మెసేజీకి జవాబివ్వడు. "తిరిగి వస్తాడా అక్కా?" అని అడుగుతారు. వస్తాడంటే అబద్ధమవుతుందేమో, రాడంటే అక్కడే కూలిపోతారేమో అని నాకు భయం. ఈ ఆదివారం మా పక్కింటి అమ్మాయి వస్తానంది. ఏమని చెప్పాలి?

సమాధానం:

అమ్మా, ఆదివారం ఆ అమ్మాయి వచ్చి కూర్చోగానే కట్ట చేతిలోకి తీసుకోకండి. ముందు ప్రశ్న మార్చాలి. "తిరిగి వస్తాడా?" అన్నదానికి జవాబు అతని దగ్గర ఉంది, అతను ఆ గదిలో లేడు. కార్డులు కలిపేది, తీసేది మీ ఎదురుగా ఉన్న అమ్మాయి. తనకు తెలిసినవీ, తెలిసి కూడా చూడకుండా పక్కన పెట్టినవీ మాటల్లోకి రావడానికి ఆ బొమ్మలు సాయపడతాయి. విజయవాడలో పద్నాలుగేళ్లుగా కార్డులు చూస్తున్నాను. ఎక్కడో ఉన్న మనిషి మనసులో ఏముందో చూపించే శక్తి వాటికి ఉందని నేను నమ్మను. ఉందని నమ్మించి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోను. ఈ మాట మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పేయండి. కొందరికి నిరాశ కలుగుతుంది, ఒకరిద్దరు లేచి వెళ్లిపోతారు కూడా. వెళ్లనివ్వండి. ఉన్నవాళ్లతో నిజమైన మాట మొదలవుతుంది.

తర్వాత మూడు సంగతులు అడిగి తెలుసుకోండి. చివరిసారి ఎప్పుడు, ఏ విషయం మీద మాట్లాడుకున్నారు? అతను వద్దని స్పష్టంగా చెప్పాడా, లేక చెప్పకుండానే ఆగిపోయాడా? ఆ తర్వాత ఈమె ఎన్నిసార్లు, ఏయే దారుల్లో ప్రయత్నించింది? రెండో ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికంటే ముఖ్యం. వద్దని చెప్పి ఉంటే, నంబరు బ్లాక్ చేసి ఉంటే, మళ్లీ పలకరించాలా వద్దా అన్నది కార్డులు తేల్చే విషయం కాదు. అది తేలిపోయింది. వేరే నంబరు నుంచి చేయడం, స్నేహితుల చేత అడిగించడం, ఇంటి దగ్గర నిలబడటం వంటి వాటికి మీ రీడింగు ఊతం కాకూడదు. అబ్బాయిలు వచ్చినప్పుడు ఇంకా గట్టిగా చెప్పండి. వద్దన్న అమ్మాయి వెంట పడటం, పదే పదే పలకరించబోవడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. "కార్డుల్లో వచ్చింది, అందుకే వెళ్లాను" అని ఎవరూ మీ పేరు చెప్పే పరిస్థితి రాకూడదు.

ఇంకొకటి కూడా చూసుకోండి. నిద్ర లేదు, తిండి సహించడం లేదు అన్న మాట దాటి "బతికి ఏం లాభం" అన్న మాట వినిపిస్తే కట్ట మూసి పక్కన పెట్టండి. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందని భయపడకండి. టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీ ఎదురుగానే ఆ నంబరుకు చేయించండి. ఇంట్లో వాళ్లలో ఆమె నమ్మే ఒకరిని పిలిపించి, వారు వచ్చేదాకా ఆమెతోనే ఉండండి. ఆ రోజుకు అదే మీ రీడింగు.

ఇక కార్డుల సంగతి. అబద్ధపు హామీ ఎలా పుడుతుందో మీరు లెక్క వేసి చూడాలి, ఎందుకంటే అబద్ధం చెప్పాలని కూర్చునేవాళ్లు తక్కువ. కట్టలో 78 కార్డులు ఉన్నాయి. వాటిలో "తిరిగి కలుస్తారు", "కబురు వస్తుంది" అని మనవాళ్లు చదివేవి ఎన్ని? లవర్స్, జడ్జ్‌మెంట్, వీల్ ఆఫ్ ఫార్చ్యూన్, కప్పుల్లో ఏస్, టూ, సిక్స్, టెన్, పేజ్, నైట్, ఆపైన ఎయిట్ ఆఫ్ వాండ్స్. మొత్తం పది. ఐదు కార్డులు తీస్తే ఈ పదింటిలో ఒకటైనా పడే అవకాశం దాదాపు సగానికి సగం. పడలేదనుకోండి, "ఇంకొంచెం స్పష్టత కోసం" అని మరో మూడు తీస్తాం. ఎనిమిది కార్డులయ్యేసరికి ఆ అవకాశం మూడింట రెండు వంతులు దాటుతుంది. అదే అమ్మాయి ఒకే వారంలో మూడుసార్లు వచ్చి, ప్రతిసారీ కొత్తగా కలిపి ఐదేసి తీసిందనుకోండి. ఒక్కసారైనా ఆశ కార్డు కనబడే అవకాశం వందకు ఎనభై ఎనిమిది. అతను అసలు ఈమెను తలచుకుంటున్నాడా లేదా అన్నదానితో ఈ లెక్కకు సంబంధమే లేదు. ఎన్ని కార్డులు తీశామన్నదే దాన్ని పెంచుతోంది.

మిగతా పని మన కళ్లు చేస్తాయి. నా చిన్నతనంలో గవర్నర్‌పేటలో మా వీధికి సోది చెప్పే ఎరుకల అవ్వ వచ్చేది. ఆమె మాట మొదలుపెట్టి మా అమ్మ ముఖం వైపు చూసేది. అమ్మ కళ్లు కొంచెం పెద్దవైతే ఆ దారినే వెళ్లేది, కాకపోతే మెల్లగా వేరే దారి పట్టేది. ఆమె అది తెలిసి చేసేది. మనం తెలియకుండా చేస్తాం. టూ ఆఫ్ కప్స్ పడగానే ఎదుటి అమ్మాయి ముఖం వెలిగిపోతుంది. ఆ వెలుగు ఆర్పడం ఇష్టం లేక మన నోరు ముందుకు వెళ్లిపోతుంది.

నా నోరు అలా వెళ్లింది. మొదలుపెట్టిన రెండో ఏడు. నైట్ ఆఫ్ కప్స్ పడితే "మూడు వారాల్లో కబురు వస్తుంది" అన్నాను. ఆ మూడు వారాలు ఏ కార్డు మీదా రాసి లేవు, నేనే పెట్టాను. ఆ అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి ఉంది, చేరాల్సిన తేదీ ఆ మూడు వారాల మధ్యలో పడింది. కబురు వచ్చే వేళకు తాను ఊళ్లో ఉండాలని చేరలేదు. కబురు రాలేదు, ఉద్యోగమూ పోయింది. నాలుగు నెలల తర్వాత వచ్చి నన్ను ఒక్క మాట కూడా అనకుండా, "ఇంకోసారి చూస్తారా?" అని అడిగింది. ఆ రోజు నుంచి అవతలి మనిషి చేసే పనికి నేను గడువు చెప్పలేదు.

ఇప్పుడు ఒక రీడింగు మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. ఆమె గుర్తు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను, కార్డులు మార్చలేదు.

ఆమెకు ఇరవై ఏడేళ్లు. బెంజ్ సర్కిల్ దగ్గర ఉద్యోగం, మొగల్రాజపురంలో అద్దె గది. నాలుగేళ్ల ప్రేమ. అతని ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ఆ మాట మీద ఒక రాత్రి ఇద్దరూ గొడవ పడ్డారు, మర్నాటి నుంచి అతను మాట్లాడలేదు. నా దగ్గరకు వచ్చేనాటికి ఏడు వారాలు. వద్దనలేదు, బ్లాక్ చేయలేదు. మెసేజీ చూసినట్టు గుర్తు పడుతుంది, జవాబు రాదు. అప్పటికి ఆమె పంపినవి నలభైకి పైగా ఉన్నాయి.

నేను వాడేది రైడర్ వెయిట్ కట్ట. 1909లో లండన్‌లో వచ్చింది, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్ గీసింది. ఈ పనికి అదే ఎందుకు మంచిదంటే, అందులో చిన్న కార్డుల మీద కూడా మనుషులు, జరుగుతున్న సంగతులు ఉంటాయి. కొన్ని పాత కట్టల్లో ఐదు కప్పులంటే ఐదు కప్పుల బొమ్మే, అర్థం మనమే చెప్పాలి. ఇక్కడ వచ్చినవాళ్లనే "ఈ బొమ్మలో నీకేం కనిపిస్తోంది?" అని అడగవచ్చు.

కలపకముందే ఐదు చోట్లకు ఐదు ప్రశ్నలు కాగితం మీద రాసి ఆమె ముందు పెట్టాను. నేను ఇప్పుడు ఎలా ఉన్నాను? జరిగినదానిలో నాకు ఖాయంగా తెలిసింది ఏమిటి? తెలియని చోట నేను ఊహతో నింపుతున్నది ఏమిటి? ఈ ఎదురుచూపు నా దగ్గర నుంచి ఏం తీసుకుంటోంది? వచ్చే పదిహేను రోజుల్లో నేను చేయగలిగిన పని ఏమిటి? ఏ ప్రశ్నలోనూ అతను కర్తగా లేడు, గమనించండి. "అతను నా గురించి ఏమనుకుంటున్నాడు?" అన్న చోటు చాలా అమరికల్లో ఉంటుంది. మౌనంగా ఉన్న మనిషి విషయంలో ఆ చోటు పూర్తిగా తీసేయండి. అక్కడ ఏ కార్డు పడినా మనం చెప్పేది కల్పనే అవుతుంది.

మొదటి చోట టూ ఆఫ్ స్వోర్డ్స్ పడింది. కళ్లకు గంతలు కట్టుకున్న స్త్రీ, గుండె మీద అడ్డంగా రెండు కత్తులు, వెనక సముద్రం. "గంతలు ఎవరు కట్టారు?" అని అడిగాను. చాలాసేపు చూసి, "చేతులు ఖాళీ లేవు కదా, తీసుకోలేదు" అంది. నేను దాని మీద ఏమీ చెప్పలేదు.

రెండో చోట ఎయిట్ ఆఫ్ కప్స్. ఎనిమిది కప్పులు వదిలి ఒక మనిషి కొండల వైపు నడుస్తుంటాడు. వీపు మనవైపు, ముఖం కనిపించదు. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. "వెళ్లిపోయాడు, అయిపోయింది" అనడం ఒకటి. "కప్పులు పడిపోలేదు, ప్రేమ అలాగే ఉంది" అనడం రెండోది. చోటు అడిగింది ఖాయంగా తెలిసినదాన్ని. కాబట్టి అదే అడిగాను. ఆమె ఒక్కొక్కటిగా చెప్పింది. ఏడు వారాలుగా మాట్లాడలేదు. తన మెసేజీలు చూస్తున్నాడు. కారణం చెప్పలేదు. అంతే, నాలుగోది లేదు. నాలుగేళ్ల తర్వాత చేతిలో ఉన్న నిజాలు మూడే అని వినడానికి ఆమెకు కష్టమైంది. నేను ఆ మూడు వాక్యాలనూ కాగితం మీద రాసి ఆ కార్డు పక్కనే పెట్టాను.

మూడో చోట మూన్. ఇంతకంటే సరైన చోట ఆ కార్డు పడటం నేను తక్కువగా చూశాను. రెండు గోపురాల మధ్య దారి, చంద్రుడి కింద కుక్క, తోడేలు, నీటిలోంచి పైకి వస్తున్న జీవి. రాత్రి వెలుతురులో ఏది కుక్కో ఏది తోడేలో పోల్చుకోవడం కష్టం. ఆమె తన తోడేళ్లన్నీ బయటికి తీసింది. ఇంట్లో ఫోను లాక్కున్నారు. పెళ్లి కుదిరిపోయింది. తనను పరీక్షిస్తున్నాడు. లోపల ఏడుస్తున్నాడు, చెప్పలేకపోతున్నాడు. తన మీద ఎవరో ఏదో చేయించారు. ఇలాంటివే మరికొన్ని. ప్రతిదానికీ "ఇది నీకు ఎలా తెలుసు?" అని మాత్రం అడిగాను. దేనికీ ఆధారం దొరకలేదు. అది తప్పని నేను అనలేదు, నాకూ తెలియదు కదా. తెలియనిదాన్ని రెండో కాగితం మీదకు మార్చాం. మొదటి కాగితంలో మూడు వాక్యాలు, రెండో దానిలో పదకొండు. ఆమె ఆ రెండు కాగితాలనే చూస్తూ కూర్చుంది.

నాలుగో చోట ఫోర్ ఆఫ్ పెంటకిల్స్. ఒక నాణెం తల మీద, ఒకటి గుండెకు హత్తుకుని, రెండు పాదాల కింద పెట్టుకుని కూర్చున్న మనిషి. వెనక ఊరంతా ఉంటుంది, అతను లేవలేడు. లేస్తే నాణేలు జారిపోతాయి. నేను ఏదో చెప్పబోయేలోపే ఆమె అంది, "పటమటలో మా ఆఫీసు అమ్మాయి గదిలో చోటు ఉంది. అద్దె సగానికి తగ్గుతుంది. నేను మారలేదు. అతను వస్తే పాత గదికే వస్తాడు కదా." ఇంత సేపటికి అసలు సంగతి బయటపడింది. ఆమె ఏడు వారాలుగా ఆ గదిలో ఒక మనిషి కోసం కాపలా ఉంది. ఫోను శబ్దం పూర్తిగా పెంచి దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. ప్రతి శనివారం తెనాలి వెళ్లి అమ్మమ్మ దగ్గర ఉండేది, అదీ మానేసింది.

ఐదో చోట సిక్స్ ఆఫ్ కప్స్ పడింది. పడగానే ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇది నాకు తెలుసు. ఇది పాత ప్రేమ తిరిగి వచ్చే కార్డు. నా ఫోనులో కూడా ఇదే వచ్చింది" అంది. మీకూ ఈ క్షణం వస్తుంది. అందుకే ఇక్కడ నెమ్మదిగా చెబుతాను.

ముందు ఆమె సంతోషం మీద కోప్పడకండి. ఆ కార్డుకు ఆ అర్థం ఉందని చాలామంది చెబుతారన్నది నిజమే, కాదనకండి. తర్వాత ఆమె కళ్లను చోటు మీదికి తీసుకురండి. నేను ఐదో ప్రశ్న రాసిన కాగితం వేలితో చూపించి, ఆమె చేతే చదివించాను. "వచ్చే పదిహేను రోజుల్లో నేను చేయగలిగిన పని ఏమిటి?" ఈ చోట పడిన కార్డు అతని రాక గురించి మాట్లాడదు. కలపకముందు ఇద్దరం ఒప్పుకున్న ప్రశ్న అది. కార్డు నచ్చిందని ప్రశ్న మార్చుకుంటే, నచ్చని కార్డు పడినప్పుడు కూడా మార్చుకుంటాం. అప్పుడు ఇక రీడింగు లేదు. ఆమె కొంచెంసేపు ఏమీ అనలేదు. ఏడ్చింది. నేను కార్డులు తీసేయకుండా, కొత్తది వేయకుండా కూర్చున్నాను. ఆ నాలుగైదు నిమిషాల్లో "ఇంకొక కార్డు తీద్దాం" అనాలని మీకు చాలా బలంగా అనిపిస్తుంది. అనకండి.

తర్వాత ఇద్దరం మళ్లీ బొమ్మ చూశాం. ఒక పిల్లవాడు పువ్వులున్న కప్పును చిన్నపిల్లకు ఇస్తున్నాడు. వెనక ఎడమ వైపు బల్లెం పట్టుకున్న మనిషి ఒకడు అటు తిరిగి వెళ్లిపోతుంటాడు, చాలామంది అతన్ని గమనించరు. ఇవ్వడం ఒక్కసారే, రెండు చేతులతో, అవతలి వాళ్లు తీసుకుంటారో లేదో తెలియకుండానే. "నలభై మెసేజీలు ఇలా ఉన్నాయా?" అని అడిగాను. లేవంది. సగం బతిమాలడం, సగం నిందించడం. అయితే చివరిగా ఒక్కటి, ఈ బొమ్మలో ఇచ్చినట్టు రాద్దామన్నాను. ఆమే రాసింది, నేను రెండు మాటలు తీయించాను. "మన మధ్య జరిగినదాని గురించి ఒక్కసారి మాట్లాడాలని ఉంది. నీకు ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పినా చాలు. జవాబు రాకపోతే ఇక నేను పలకరించను." నేను తీయించిన మాటలు "ప్లీజ్", "నా కోసం". అతను వద్దని చెప్పి ఉంటే ఈ ఒక్క మెసేజీ కూడా పంపవద్దనేదాన్ని.

ఆ కార్డు చిన్నతనపు ఇంటిని కూడా చూపిస్తుంది కాబట్టి తెనాలి సంగతి అడిగాను. ఆ శనివారం వెళ్తానంది. పటమట గది గురించి నేను ఏ సలహా ఇవ్వలేదు. ఆ నిర్ణయం ఆమె చేతిలోనే ఉందని నాలుగో కార్డు దగ్గర ఆమెకే తెలిసిపోయింది.

మూడు వారాల తర్వాత వచ్చింది. జవాబు రాలేదు. మెసేజీ చూసినట్టు గుర్తు మాత్రం పడింది. నెలాఖరుకు గది మారుతున్నానని చెప్పింది. అతను ఎందుకు మాట్లాడలేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు, నాకూ తెలియదు.

మళ్లీ మళ్లీ వచ్చేవాళ్ల గురించి ఒక మాట. ఒకే మనిషి గురించి రెండో రీడింగుకు నెల రోజుల గడువు పెట్టుకోండి, అదీ పరిస్థితిలో ఏదైనా మారితేనే. మొదటి రోజే చెబితే ఎవరూ బాధపడరు. మూడో రోజు అర్ధరాత్రి "ఒక్క కార్డు చూడండి అక్కా" అని మెసేజీ వస్తే చూడకండి, మీ కట్ట ఆమె దిండు కింద ఫోను లాంటిదైపోతుంది. మూన్ దగ్గర ఆమె అన్న "ఎవరో ఏదో చేయించారు" అన్న మాట మీ దగ్గరా వినిపిస్తుంది. దాన్ని మీరు ఒప్పుకున్నా, మౌనంగా ఊరుకున్నా, ఆమె నేరుగా వశీకరణం చేస్తామనే వాళ్ల దగ్గరకు వెళ్తుంది. అక్కడ వేలకు వేలు పోతాయి. "కార్డుల్లో అలాంటిది చూడటం నాకు రాదు, చేసేవాళ్ల మాట నేను నమ్మను" అని స్పష్టంగా చెప్పండి. పరిహారాలు చెప్పకండి, రాళ్లు అమ్మకండి.

అన్నీ అయ్యాక, చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగి, "ఇవన్నీ సరే అక్కా, మీకేమనిపిస్తోంది, వస్తాడా?" అని అడుగుతుంది. ప్రతి ఒక్కరూ అడుగుతారు, మీ పక్కింటి అమ్మాయీ అడుగుతుంది. లోపల గంటసేపు నిలబెట్టుకున్నది గుమ్మం దగ్గర జారిపోయేది ఇక్కడే, ఎందుకంటే అక్కడ కార్డులు ఉండవు, జాలి మాత్రమే ఉంటుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "నాకు తెలియదమ్మా. తెలిస్తే నీకు చెప్పేదాన్ని. శనివారం తెనాలి బస్సు ఎన్నింటికి?" అన్నాను. ఆరున్నరకు ఉందని చెప్పింది.